డబ్బా చెప్పే వయసు, స్టిక్కర్ చెప్పే వయసు

నకిలీ కారు బ్యాటరీ అనగానే ఎక్కడో ఊరి చివర షెడ్డులో, పేరున్న కంపెనీ బ్యాటరీని అచ్చుగుద్దినట్టు తయారుచేస్తున్నారని అనుకుంటాం. అంత కష్టపడేవాళ్లు తక్కువ. మనకు అంటగట్టే నకిలీల్లో చాలావాటికి ఒళ్లు అసలుదే. మనం కొత్త బ్యాటరీ కొంటూ పాతది షాపులో ఇచ్చేస్తామే, అలాంటి పాతదాని మూత కోసి, లోపల ఏవో ప్లేట్లు పెట్టి, యాసిడ్ పోసి, చార్జి ఎక్కించి, పైన కొత్త స్టిక్కర్ వేస్తే ‘కొత్త బ్యాటరీ’ తయారు. లోపల ఏమీ మార్చకుండా కడిగి, తుడిచి, తేదీ ఒక్కటే మార్చి అమ్మేవాళ్లూ ఉన్నారు. చిన్న లోకల్ బ్యాటరీకి పెద్ద కంపెనీ స్టిక్కర్ వేయడం, 35 ఏహెచ్ బ్యాటరీ మీద 45 అని వేయడం కూడా ఈ వ్యాపారంలో భాగమే.

ఇప్పుడు కొనేవాళ్లలో చాలామంది ముందు చూసేది బ్యాటరీని కాదు, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలను. ‘ఒరిజినల్, బాక్స్ పీస్, బిల్లు లేదు గనక తక్కువకి ఇస్తున్నాం’ అనే మాట వెంట నాలుగు ఫోటోలు వస్తాయి. ఆ ఫోటోల్లో చూడగలిగింది చాలానే ఉంది. అయితే ఏ వరసలో చూడాలన్నది ముఖ్యం. మామూలుగా అందరి కళ్లూ లేబుల్ మీదికే పోతాయి. రంగు సరిగ్గా ఉందా, పేరులో అక్షరం తప్పిందా అని చూసి ఊరుకుంటారు. బ్యాటరీ మొత్తంలో దొంగకు చవగ్గా దొరికేది ఆ స్టిక్కరే. ఫ్లెక్సీలు వేసే ఊళ్లో స్టిక్కర్ వేయించడం ఎంత పని? ప్లాస్టిక్ డబ్బా పోసే ఉక్కు అచ్చు మాత్రం లక్షల మీద మాట. అందుకని ఖరీదైన సాక్ష్యం ముందు చూడాలి, చవకది చివర చూడాలి. డబ్బా, మూత అతుకు, టెర్మినళ్లు, తేదీ ముద్ర, ఆ తర్వాతే లేబుల్.

ఫోటోల గురించి ఒక్క మాట. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను కుదించేస్తుంది. అలా కుదించిన ఫోటోలో మంచి ప్రింటు కూడా చెడ్డ ప్రింటులా, సన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడతాయి. అది చూసి నకిలీ అనడం అన్యాయం. ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి, ఉన్నదున్నట్టు వస్తుంది. ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి బ్యాటరీ పక్కన పెట్టి తీయమనండి. నెట్‌లో దొరికిన వేరే బ్యాటరీ ఫోటో పంపేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఇక డబ్బా. కారు బ్యాటరీ డబ్బా, మూత రెండూ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. కరిగించిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో పంపి పోస్తారు. అచ్చు తన గుర్తులు వదిలిపెడుతుంది. మూత మీద ఉబ్బెత్తుగా ఉండే కంపెనీ పేరు, ప్లస్ మైనస్ గుర్తులు, హెచ్చరిక బొమ్మలు, త్రికోణంలో 5 అంకె, దాని కింద PP అన్న అక్షరాలు... వీటి అంచులు అసలు డబ్బాలో కోసినట్టు పదునుగా ఉంటాయి. అసలు డబ్బాను చూసి అచ్చు తీసుకుని పోసినదైతే అంచులు అరిగిన సబ్బు మీది పేరులా మెత్తబడతాయి. కొలతలూ తగ్గుతాయి. ఈ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు దాదాపు ఒకటి నుంచి రెండున్నర శాతం దాకా కుంచించుకుపోతుంది. కంపెనీవాళ్లు ఆ లెక్క వేసుకుని అచ్చును పెద్దదిగా చేస్తారు. తయారైన డబ్బా కొలతలతోనే అచ్చు చేసినవాడి డబ్బా, 240 మిల్లీమీటర్ల పొడవు ఉండాల్సింది మూడు నాలుగు మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది. పక్కన స్కేలు పెట్టి, కెమెరాను ఎదురుగా నిలిపి తీయమంటే ఆ తేడా తెలుస్తుంది.

డబ్బా పొడుగు గోడల మీద మరో గుర్తు ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు, వాటి మధ్య ఐదు అడ్డుగోడలు. లోపలి అడ్డుగోడ బయటి గోడను కలిసేచోట ప్లాస్టిక్ మందంగా ఉండి, చల్లారేటప్పుడు కొద్దిగా లోపలికి లాక్కుంటుంది. వెలుతురు ఏటవాలుగా పడితే నిలువుగా ఐదు సన్నటి నీడగీతలు కనబడతాయి. అవి తప్పు కాదు, ఉండాల్సినవే. కొత్తవాళ్లు వాటిని పగుళ్లనుకుని కంగారుపడుతుంటారు. చూడాల్సింది వేరే. డబ్బా మీద వెండి చారలు, రంగు సుడులు, గరుకు మచ్చలు ఉంటే అది తేమతో, చెత్తతో కలిసిన పాత ప్లాస్టిక్‌ను సరిగ్గా ఆరబెట్టకుండా పోసినది. పెద్ద కంపెనీలూ పాత ప్లాస్టిక్ వాడతాయి గాని, శుభ్రం చేసి వాడతాయి.

అన్నిటికంటే విలువైన గుర్తు ఇంకోటుంది. కొన్ని డబ్బాల అడుగునో, పక్కగోడ కింది భాగంలోనో పావలా కాసంత గుండ్రటి ముద్ర ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం, బాణానికి అటొకటి ఇటొకటి రెండంకెలు. ఆ రెండంకెలు సంవత్సరం, బాణం చూపేది నెల. డబ్బాను ఎప్పుడు పోశారో చెప్పే ముద్ర అది, అచ్చులోనే బిగించి ఉంటుంది. స్టిక్కర్ మార్చేవాడు దాని సంగతి పట్టించుకోడు, చాలామందికి అది ఏమిటో కూడా తెలియదు. డబ్బా పోసిన తేదీ బ్యాటరీ తయారైన తేదీకి కొన్ని వారాలో నెలలో ముందు ఉండటం సహజం. ఏళ్లు ముందుంటే డబ్బాకు ఇది రెండో జన్మ అన్నమాట. ఈ ముద్ర కోసం బ్యాటరీని తలకిందులు చేయమని మాత్రం ఎవర్నీ అడగొద్దు. మూత దగ్గరి రంధ్రాల్లోంచి యాసిడ్ కారితే చేతులు కాలతాయి. పక్కగోడల ఫోటోలు చాలు.

డబ్బా తర్వాత మూత అతుకు. ఫ్యాక్టరీలో డబ్బా అంచును, మూత అంచును ఒకేసారి వేడి పలక మీద కరిగించి, పలక తీసేసి, రెండింటినీ కలిపి నొక్కేస్తారు. కొన్ని సెకన్ల పని. బయటికి పొంగిన ప్లాస్టిక్ చుట్టూతా ఒకే మందాన సన్నటి దారంలా నిలుస్తుంది. పాతదాన్ని తెరవాలంటే ఆ అతుకును రంపంతోనో వేడి కత్తితోనో కోయాలి. కోతలో కొంత ప్లాస్టిక్ పోతుంది గనక మళ్లీ అతికితే బ్యాటరీ ఎత్తు కాస్త తగ్గుతుంది. మళ్లీ అతికేది సోల్డరింగ్ ఐరన్‌తోనో, కాల్చిన రేకుతోనో. ఆ చెయ్యి నడిచిన దారి అలలు అలలుగా కనబడుతుంది. ముఖ్యంగా నాలుగు మూలలూ చూడండి. తిన్నటి గోడ మీద నడిచిన చెయ్యి మూల తిరిగేచోట తడబడుతుంది. ‘స్టిక్కర్‌దేముంది సార్, ఎవడైనా వేస్తాడు. ఫ్యాక్టరీ అతుకు మాత్రం చేత్తో రాదండీ’ అంటాడు విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీలు బాగుచేసే ఒకాయన. ఆ మాట నిజం. బయటి అతుకు ఎంత బాగా చేసినా, లోపలి ఐదు అడ్డుగోడలు మూతతో మళ్లీ సరిగ్గా కలవవు. గదికీ గదికీ మధ్య యాసిడ్ పారి, బండి తియ్యకపోయినా చార్జి దిగిపోతుంది. రీకండిషన్ చేసిన బ్యాటరీ కొన్నాళ్లకే మొరాయించడానికి ప్లేట్లతోపాటు ఇదీ ఒక కారణం.

ఇక టెర్మినళ్లు. మనవాళ్లు పోల్ అంటారు. సీసం మిశ్రమంతో చేసిన కుదురు మూతలో ముందే అమర్చి ఉంటుంది. లోపలి ప్లేట్ల నుంచి వచ్చే కడ్డీని దాని మధ్యలోకి దూర్చి, పైన మంటతో కరిగించి కలుపుతారు. అందుకే కొత్త పోల్ నెత్తిన నునుపుగా, గుండ్రంగా ఒక అల ఉంటుంది. పక్కలు గీతల్లేకుండా పైకి సన్నబడుతూ ఉంటాయి. రంగు విషయంలోనే చాలామంది పొరపడతారు. తళతళలాడితే కొత్తది, మసకగా ఉంటే పాతదనుకుంటారు. సీసం గాలి తగలగానే మసకబారుతుంది. కొన్ని నెలలు గోదాములో ఉన్న అసలు బ్యాటరీ పోల్, ప్లాస్టిక్ టోపీ కింద కూడా, అంతటా ఒకే రకమైన బూడిద రంగులో ఉంటుంది. ఐదు నెలల కిందటి తేదీ ఉన్న బ్యాటరీ పోల్ వెండిలా మెరుస్తుంటే, దగ్గరగా తీసిన ఫోటో అడగండి. చుట్టూ తిరిగిన సన్నటి గీతలు కనబడితే అది వైరు బ్రష్ పని, లేదా గరుకు కాగితం పని. తెల్లటి సల్ఫేట్ పొడి గీకేసి ఉంటారు.

అంతకంటే గట్టి గుర్తు క్లాంపుది. కారులో బిగించినప్పుడు క్లాంపు పోల్‌ను చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. సీసం మెత్తన గనక ఒక పట్టీలా అణిగిపోతుంది. క్లాంపుకు ఒకచోట చీలిక ఉంటుంది కదా, అక్కడ మాత్రం నొక్కు పడదు. అణిగిన పట్టీ మధ్యలో అణగని సన్న నిలువు గీత మిగులుతుంది. బ్రష్ వేసి మెరిపించినా ఆ గీత పోదు. అది కనబడిందంటే ఆ బ్యాటరీ ఏదో కారులో తిరిగిందే. చిన్న పంటి గాట్లు రెండు మూడు ఉన్నాయని మాత్రం తప్పుపట్టకూడదు. ఫ్యాక్టరీలో పరీక్ష చేసేటప్పుడో, షాపులో చార్జి పెట్టేటప్పుడో క్లిప్పులు అలాంటి గాట్లు పెడతాయి.

పోల్‌ను కరిగించి మళ్లీ పోస్తే ఇంకో తప్పు దొర్లుతుంది. ప్లస్ పోల్ మైనస్ పోల్ కంటే కాస్త లావు, తారుమారుగా బిగించకుండా. లావు పోల్ రకంలో అడుగు దగ్గర 19.5, 17.9 మిల్లీమీటర్లు. చిన్న కార్లకు వచ్చే సన్న పోల్ రకంలో 14.7, 13. ఒకే రింగుతో రెండూ పోసినవాడి బ్యాటరీలో రెండూ సమానంగా ఉంటాయి. పోల్ మొదట్లో సీసం ఒలికి గడ్డకట్టి ఉన్నా, పక్కన ప్లాస్టిక్ కమిలి ఉన్నా అదే కథ.

తేదీ ముద్ర దగ్గర జనం ఎక్కువ తికమకపడతారు, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొందరు నెలకో ఇంగ్లిషు అక్షరం వాడతారు, జనవరికి A, ఫిబ్రవరికి B, అలా. వారిలోనూ కొందరు ఒకటి అంకెలా కనబడుతుందని I ని వదిలేస్తారు. జర్మనీ బ్రాండ్ వార్టా బ్యాటరీల మూత మీద చాలా ఏళ్లు నడిచిన పద్ధతి చూడండి. H7C75521 అని మొదలైతే, నాలుగో స్థానంలో ఉన్న 7 సంవత్సరం చివరి అంకె, తర్వాతి 55 నెల, 21 తేదీ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెలలకు 17, 18, 19, 20. మే నుంచి డిసెంబరు దాకా 53 నుంచి 60. అంటే 55 జులై. ఈ లెక్క తెలియని నకిలీదారు అక్కడ 31 అనో, 07 అనో కొట్టాడంటే దొరికిపోయినట్టే. ఈ పద్ధతికో లోటుంది. ఆ 7 అంటే 2017 కావచ్చు, 2007 కూడా కావచ్చు. డబ్బా, లేబుల్ ఏ కాలానివో కలిపి చూడాల్సిందే. మీరు కొనే కంపెనీ పద్ధతి ఏమిటో వాళ్ల కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి.

పద్ధతి తెలియకపోయినా కొట్టిన తీరు కనబడుతుంది. వేడి అంకెలతో యంత్రం నొక్కితే అన్ని అంకెలూ ఒకే లోతు, ఒకే ఎడం, ఒకే వరుస. చేత్తో సుత్తి దెబ్బలు వేస్తే ఒకటి లోతుగా, ఒకటి వాలిపోయి ఉంటుంది. పాత అంకెలు చెరిపి కొత్తవి వేసినచోట ప్లాస్టిక్ మెరుపు పోయి, చుట్టూ ఉన్న గరుకుదనం చెదిరి, ఒక మసక మచ్చ మిగులుతుంది. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే అది కనబడదు. ఫోను టార్చిని పక్కనుంచి, మూతకు దాదాపు ఆనించి వెలిగించి తీయమనండి. లోతులూ గీకుళ్లూ నీడలతో సహా బయటపడతాయి.

చివరికి లేబుల్. అసలు కంపెనీ లేబుల్‌లో బ్రాండ్ రంగును విడిగా సిరా కలిపి వేసే అవకాశం ఎక్కువ. దగ్గరగా చూస్తే ఆ రంగు నిండుగా, చుక్కల్లేకుండా ఉంటుంది. లేబుల్‌ను స్కాన్ చేసి ప్రింటు తీస్తే ఆ నిండు రంగు చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోతుంది, నల్ల అక్షరాల అంచున ఎర్రటి నీలపు నీడ వస్తుంది. హెచ్చరికలు రాసే సన్న అక్షరాలు ముందుగా చెడతాయి. బ్రాండ్ పేరు బాగుండి, అడుగున చిన్న అక్షరాలు చదవలేకపోతే అనుమానించండి. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన వివరాలు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెబుతున్నాయి. వాటిలో ఏది లేకపోయినా కారణం అడగొచ్చు.

ఇవన్నీ ఒక్కచోట ఎలా కలుస్తాయో ఒక బ్యాటరీతో చెబుతాను. హైదరాబాద్‌లో తెలిసినవారొకరు తమ చిన్న కారుకు కొనబోతున్న 35 ఏహెచ్ బ్యాటరీ ఫోటోలు పంపారు. లేబుల్ మీద తయారీ 2024 నవంబరు. ధర షాపు ధరలో మూడింట రెండు వంతులు. లేబుల్ చక్కగా ఉంది, నిండు రంగు, చదవగలిగే సన్న అక్షరాలు. అది ఒక్కటే చూసి ఉంటే కొనేయమనేవాణ్ణి. పొట్టి పక్క గోడ ఫోటోలో, కింది అంచు దగ్గర గుండ్రటి ముద్ర కనబడింది. పెద్దది చేసి చూస్తే బాణానికి అటు 1, ఇటు 9, బాణం 3 వైపు. డబ్బా పోసింది 2019 మార్చిలో. ఖాళీ డబ్బా ఫ్యాక్టరీలో కొన్నాళ్లు ఉంటుందేమో గాని ఐదేళ్లకు పైగా ఎందుకుంటుంది? అయినా ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదని మరికొన్ని ఫోటోలు తెప్పించమన్నాను. మైనస్ వైపు మూలలో అతుకు దారం మందమై, అలలు తిరిగి ఉంది. ప్లస్ పోల్ మెరుస్తోంది, గీతలున్నాయి, వెనకవైపు అణగని నిలువు గీత స్పష్టంగా ఉంది. టార్చి పక్కన పెట్టి తీయమన్న ఫోటో మాత్రం రాలేదు. అమ్మేవాడు ‘నమ్మకం లేకపోతే వదిలేయండన్నా’ అని మెసేజ్ పెట్టాడు. వదిలేశారు.

ఆ బ్యాటరీలో లేబుల్ ఒక వయసు చెప్పింది, డబ్బా ఇంకో వయసు చెప్పింది, పోల్ తాను ఎక్కడో పనిచేసి వచ్చానంది. నకిలీని పట్టించేది ఈ పొంతన లేకపోవడమే. ఒక్క గీత, ఒక్క మచ్చ చూసి షాపువాడితో తగువు పెట్టుకుంటే చాలాసార్లు మనమే తప్పవుతాం. రవాణాలో డబ్బాలు గీరుకుంటాయి, లేబుళ్లు నలుగుతాయి.

ఫోటోలు చెప్పలేనివీ ఉన్నాయి. లోపల ప్లేట్లు ఎన్ని, ఎంత మందం అన్నది కనబడదు. మూత మీద పచ్చగా కనబడే కన్ను చూసి మురిసిపోవద్దు, అది ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది. 35ను 45గా చెప్పి అమ్మే మోసం పట్టుకోవాలంటే తూకం ఫోటో కావాలి. త్రాసు మీద పెట్టి, అంకె కనబడేలా తీయమని, ఆ మోడల్‌కు కంపెనీ ప్రకటించిన బరువుతో పోల్చండి. కిలోల్లో తేడా ఉంటే లోపల సీసం తక్కువే.

అన్నీ బాగున్నా డబ్బు కట్టేముందు సీరియల్ నంబరును కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి అడగండి. నకిలీదారులు ఒక అసలు నంబరునే పట్టుకుని చాలా బ్యాటరీల మీద వేస్తుంటారు. ‘ఆ నంబరుకు వారంటీ ఇదివరకే నమోదైంది’ అన్న జవాబు వస్తే బేరం అక్కడితో ఆపేయండి. కొన్నాక బయటపడితే బిల్లు, ఫోటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తప్పుడు ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఇంకొక్క మాట. ఈ నకిలీలకు డబ్బాలు ఇచ్చేది మనమే. వారంటీ అయిపోయిన పాత బ్యాటరీని వీధిలో వచ్చే స్క్రాప్ బండికి కాకుండా, కొత్తది కొన్న కంపెనీ డీలర్‌కే ఇవ్వండి. ఇచ్చేముందు లేబుల్ చింపి, సీరియల్ నంబరు మీద మేకుతో అడ్డంగా నాలుగు గీతలు గీయండి.